పండగ సేల్ పేజీల్లో అబద్ధపు టైమర్లు, ముందే పెట్టిన టిక్కులు: తరచుగా అడిగే ప్రశ్నలు

దసరా ముందు మొదలై దీపావళి దాకా సాగే ఆన్‌లైన్ సేల్స్ గురించి వచ్చే ప్రశ్నలు ఇవి. సగం కొనేవాళ్ళు అడిగేవి, సగం చిన్న ఆన్‌లైన్ షాపులు నడుపుతూ సొంతంగా పేజీలు రాసుకునేవాళ్ళు అడిగేవి. రెండూ ఒకేచోట పెట్టడానికి కారణం ఉంది. మోసం ఎక్కడ దాగి ఉందో తెలిసినవాళ్ళే దాని స్థానంలో నిజం రాయగలరు.

సేల్ పేజీ తొందరపెడితే అది మోసమేనా?

కాదు. సేల్‌కు గడువు ఉంటుంది, సరుకుకు లెక్క ఉంటుంది, కొరియర్‌కు కటాఫ్ ఉంటుంది. ఇవన్నీ కొనేవాళ్ళకు చెప్పాల్సిన విషయాలే. లేని గడువును ఉన్నట్టు చూపించినప్పుడు, మనం అడగనిదాన్ని అడిగినట్టు బిల్లులో వేసినప్పుడు అది మోసమవుతుంది. ఇలాంటి డిజైన్‌ను డార్క్ ప్యాటర్న్ అంటారు. 2010లో బ్రిటన్‌కు చెందిన డిజైనర్ హ్యారీ బ్రిగ్నల్ పెట్టిన పేరు ఇది. మన దేశంలో 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ దీనిమీద మార్గదర్శకాలు నోటిఫై చేసి, 13 రకాలను పేరుపేరునా నిషేధించింది. పండగ సేల్ పేజీల్లో ఎక్కువగా తగిలేవి వాటిలో నాలుగైదే. ఇక్కడ మాట్లాడేది వాటి గురించే.

టైమర్ అబద్ధమని కొనేవాళ్ళు ఎలా పసిగట్టాలి?

టైమర్ సున్నాకు వచ్చాక ఏం జరుగుతుందో చూడటమే అసలు పరీక్ష. కొనాలన్న ఆత్రం కాసేపు పక్కన పెట్టి ఆ పది పదిహేను నిమిషాలు అయిపోనివ్వండి. ధర నిజంగా పెరిగితే టైమర్ నిజం. మళ్ళీ 14:59 నుంచి మొదలైతే, లేదా టైమర్ మాయమై ధర మాత్రం అలాగే ఉంటే, అది మిమ్మల్ని తొందరపెట్టడానికి పెట్టిందే.

అంతసేపు ఆగే ఓపిక లేకపోతే పేజీని ఒకసారి రిఫ్రెష్ చేయండి. చాలా నకిలీ టైమర్లు ఇక్కడే దొరికిపోతాయి. కొన్ని కాస్త తెలివిగా ఉంటాయి. మీరు మొదట ఎప్పుడు వచ్చారో మీ బ్రౌజర్‌లోనే రాసిపెట్టుకుంటాయి కాబట్టి రిఫ్రెష్ చేసినా అంకె తగ్గుతూనే కనిపిస్తుంది. అప్పుడు అదే లింకును ఇన్‌కాగ్నిటో విండోలో గానీ, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో గానీ తెరవండి. మీ ఫోన్‌లో 6 నిమిషాలు, పక్క ఫోన్‌లో 15 నిమిషాలు కనిపిస్తే ఒక విషయం ఖాయం: ఆ గడువు సేల్‌ది కాదు, పేజీ తెరిచిన ఒక్కో మనిషికి విడివిడిగా పుట్టించింది.

మూడో రకం పట్టుకోవడం కొంచెం కష్టం. "ఈ రోజు మాత్రమే" అంటూ అర్ధరాత్రికి ముగిసే టైమర్. అన్ని ఫోన్లలో ఒకే సమయం చూపిస్తుంది, రిఫ్రెష్ చేసినా మారదు, చూడటానికి నిజంలాగే ఉంటుంది. తేడా మర్నాడు తెలుస్తుంది. అదే ధర, అదే "ఈ రోజు మాత్రమే", మళ్ళీ 24 గంటలు. అందుకే పెద్ద వస్తువు కొనాలనుకున్నప్పుడు మొదటిరోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని మర్నాడు సరిచూడటం మంచిది. సేల్ జరిగే రోజుల్లో ఒక్కరోజు ఆగితే సాధారణంగా పోయేదేమీ ఉండదు.

ఒక జాగ్రత్త. రెండు ఫోన్లలో వేర్వేరు సమయం కనిపించినంత మాత్రాన ప్రతిసారీ మోసం అనలేం. కొందరు మీ నంబర్ మీదే ఒక కూపన్ ఇచ్చి, దానికి నిజంగానే గడువు పెడతారు. ఆ గడువు దాటాక కూపన్ పనిచేయకపోతే అది నిజమైన టైమరే. అంటే తేల్చేది మళ్ళీ ఆ సున్నా పరీక్షే.

కోడ్ చూస్తే తెలిసిపోతుందా?

చాలాసార్లు తెలుస్తుంది. కంప్యూటర్‌లో పేజీ సోర్స్ తెరిచి ఆఖరి గడువును ఎలా లెక్కిస్తున్నారో చూడండి. నకిలీ టైమర్ గుండెకాయ సాధారణంగా ఇలా ఉంటుంది:

```js
const ends = Date.now() + 15 * 60 * 1000;
```

పేజీ తెరిచిన క్షణానికి 15 నిమిషాలు కలుపుతున్నారంతే. సేల్ ఎప్పుడు ముగుస్తుందన్న సంగతి ఈ కోడ్‌కు తెలియనే తెలియదు. రోజూ అర్ధరాత్రికి తిరిగి మొదలయ్యేది ఇలా ఉంటుంది:

```js
const ends = new Date();
ends.setHours(24, 0, 0, 0);
```

ఏ రోజు తెరిస్తే ఆ రోజు అర్ధరాత్రే గడువు. నిజమైన సేల్‌కు క్యాలెండర్‌లో ఒక తేదీ ఉంటుంది, ఆ తేదీ కోడ్‌లో కూడా కనిపిస్తుంది:

```js
const ends = new Date("2026-11-07T23:59:59+05:30");
```

గడువు సర్వర్ నుంచి వచ్చే పేజీల్లో సోర్స్ చూసినా ఏమీ తెలియకపోవచ్చు. అప్పుడు ఇందాక చెప్పిన రెండు ఫోన్ల పరీక్షే దిక్కు.

మా షాపు పేజీలో నిజాయితీగా టైమర్ పెట్టాలంటే ఎలా?

ముందు గడువు మాటల్లో రాయండి, తర్వాతే అంకెలు తిరిగే టైమర్ సంగతి. చాలామంది రాసే "నవంబర్ 8 అర్ధరాత్రి వరకు" అన్న వాక్యంలోనే చిక్కు ఉంది. ఏడో తేదీ రాత్రి దాటి ఎనిమిది మొదలయ్యే అర్ధరాత్రా, ఎనిమిదో తేదీ ముగిసే అర్ధరాత్రా? ఒక రోజు మొత్తం తేడా. దీని బదులు ఇలా రాయండి:

"ఈ ధర నవంబర్ 7, శనివారం రాత్రి 11:59 వరకు (భారత కాలమానం). ఆ తర్వాత ధర రూ. 3,999."

భారత కాలమానం అన్న మాట అలంకారానికి కాదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ ఇక్కడి అమ్మానాన్నలకు పండక్కి వస్తువులు పంపేవాళ్ళు చాలామంది. వాళ్ళ గడియారంలో శనివారం రాత్రి 11:59 అయ్యేసరికి ఇక్కడ ఆదివారం ఉదయం పది దాటిపోతుంది. రెండో వాక్యం ఇంకా ముఖ్యం. గడువు తర్వాత ధర ఎంతవుతుందో ముందే చెప్పిన షాపు, ఆ మాట మీద నిలబడక తప్పదు.

ఆ తర్వాత టైమర్ వెనుక ఉన్న పని. గడువు దాటగానే ధర మారాల్సింది సర్వర్‌లో. తెరమీద అంకెలు సున్నా అయి, కార్ట్‌లో పాత ధర అలాగే పడుతుంటే, తెలిసి చేసినా తెలియక చేసినా మీ టైమర్ అబద్ధమే. ఇంకో సంగతి: ఫోన్ గడియారం తప్పుగా ఉన్నవాళ్ళకు టైమర్ తప్పు సమయం చూపిస్తుంది. కాబట్టి ఇంకా ఎంత సమయం ఉందన్నది సర్వర్ సమయాన్ని బట్టే లెక్కించండి.

ఆఖరి నిమిషంలో యూపీఐ పేమెంట్ మధ్యలో ఉన్నవాళ్ళ సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. 11:58కి పే నొక్కితే బ్యాంకు నుంచి సమాధానం 12:01కి రావచ్చు. అలాంటప్పుడు పాత ధరే ఇవ్వడం న్యాయం. పేజీలో ఒక్క వాక్యం చాలు: "11:59 లోపు పేమెంట్ మొదలుపెట్టినవాళ్ళకు ఈ ధరే వర్తిస్తుంది." ఆ వాక్యం చదివినవాళ్ళకు సగం టెన్షన్ తగ్గుతుంది.

టైమర్ అసలు లేకుండా "త్వరగా కొనండి" అని చెప్పొచ్చా?

చెప్పొచ్చు, నా దృష్టిలో పండగ పేజీకి అదే మేలు. పండక్కి కొనేవాళ్ళకు నిజంగా పనికొచ్చే గడువు ఒకటే: వస్తువు పండగలోపు ఇంటికి చేరాలి. అది మీరు పుట్టించక్కర్లేదు, మీ కొరియర్ ముందే మీకు చెప్పి ఉంటుంది. ఉదాహరణకు 2026లో దీపావళి నవంబర్ 8, ఆదివారం. మీ ప్యాకెట్లు తెలుగు రాష్ట్రాల్లో మూడు నాలుగు రోజుల్లో, బయటి రాష్ట్రాలకు ఆరేడు రోజుల్లో చేరుతున్నాయనుకుందాం. ప్యాకింగ్‌కు ఒకరోజు వేసుకోండి. అప్పుడు పేజీలో ఇలా రాయొచ్చు:

"దీపావళికి ముందే అందాలంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చిరునామాలకు నవంబర్ 2 లోపు, ఇతర రాష్ట్రాలకు అక్టోబర్ 30 లోపు ఆర్డర్ చేయండి. ఆ తర్వాత కూడా ఆర్డర్ తీసుకుంటాం, కానీ పండగ తర్వాత చేరవచ్చు."

ఇందులో తొందర ఉంది, అబద్ధం లేదు. పైగా చివరి వాక్యం వల్ల "పండక్కి రాలేదు" అనే ఫోన్లు, రిటర్న్‌లు తగ్గుతాయి. మీ కొరియర్ రోజులు వేరైతే తేదీలు మార్చుకోండి, కానీ ఆ లెక్కకు ఆధారం గత నెల మీ సొంత డెలివరీలు కావాలి. కొరియర్ బ్రోచర్‌లో రాసిన రోజులు పండగ రద్దీలో నిలబడవు.

"2 మాత్రమే మిగిలాయి", "ఇప్పుడు 37 మంది చూస్తున్నారు" అంటే నమ్మొచ్చా?

మొదటిదాన్ని పరీక్షించొచ్చు. కార్ట్‌లో సంఖ్యను 5కి పెంచి చూడండి. రెండే ఉన్నాయన్న పేజీ ఐదింటిని చెక్‌అవుట్ దాకా నోరెత్తకుండా తీసుకెళ్తే, ఆ "2" అబద్ధమని గట్టిగా అనుమానించొచ్చు. (ఒక్కొక్కరికి ఇన్నే అని షాపు పరిమితి పెట్టి ఉంటే ఈ పరీక్ష పనిచేయదు.) రెండోదాన్ని పరీక్షించడం కష్టం. కానీ రిఫ్రెష్ చేసిన ప్రతిసారీ 37, 21, 44 అని అడ్డదిడ్డంగా మారుతుంటే సోర్స్‌లో ఏదో ఒక అంకెను యాదృచ్ఛికంగా పుట్టించే `Math.random` అనే మాట కోసం వెతకండి. చూసేవాళ్ళను లెక్కపెట్టే కోడ్‌లో ఆ మాటకు పనే లేదు.

అమ్మేవాళ్ళకు: స్టాక్ అంకె నేరుగా మీ స్టాక్ లెక్క నుంచే రావాలి, చేత్తో టైప్ చేసింది కాకూడదు. ఏ అంకె దగ్గర చూపించడం మొదలుపెట్టాలో కూడా ముందే నిర్ణయించుకోండి. సైజుల వారీగా ఉంటే సైజు పేరుతోనే చెప్పండి: "ఎల్ సైజు 3 ఉన్నాయి, ఎం సైజు అయిపోయింది." చేనేత చీరల షాపులకైతే అబద్ధం ఆడాల్సిన అవసరమే లేదు, ఎందుకంటే అక్కడ కొరత నిజంగానే ఉంటుంది. "ఈ రంగులో, ఈ అంచుతో మా దగ్గర ఒకటే ఉంది. ఇలాంటిదే మళ్ళీ కావాలంటే నేయించాలి, వారాలు పడుతుంది" అని రాస్తే కొనేవాళ్ళకు ఆ చీర విలువ తెలుస్తుంది. అదే పేజీలో ఎర్రటి అక్షరాలతో "హర్రీ! 1 లెఫ్ట్" అని మెరిపిస్తే నిజం కూడా అబద్ధంలా కనిపిస్తుంది.

ముందే టిక్ పెట్టిన అదనపు ఖర్చులు ఎక్కడ దాక్కుంటాయి? ఒక ఉదాహరణతో చెప్పండి.

ఊహించుకున్న ఒక మిక్సీ పేజీ తీసుకుందాం. పేజీలో పెద్ద అక్షరాలతో ధర రూ. 3,499. కార్ట్‌లో వేసి, అడ్రస్ ఇచ్చి, పేమెంట్ దాకా వెళ్ళాక కింద కట్టాల్సిన మొత్తం రూ. 3,896. తేడా రూ. 397. ఈ తేడా ఎక్కడిదో పేమెంట్ పేజీలో నేరుగా కనిపించదు. "ఆర్డర్ వివరాలు" అనే చిన్న బాణం గుర్తు నొక్కితే విచ్చుకుంటుంది. అందులో: అదనపు వారంటీ రూ. 299, సేఫ్ ప్యాకింగ్ రూ. 49, ఫెస్టివల్ హ్యాండ్లింగ్ ఫీజు రూ. 39, పిల్లల చదువుకు విరాళం రూ. 10.

ఈ నాలుగూ ఒకే రకం కావు, విడివిడిగా చూడాలి. వారంటీ, ప్యాకింగ్, విరాళం మూడింటికీ పక్కన చిన్న పెట్టెలు ఉన్నాయి, మూడింట్లోనూ టిక్ ముందే ఉంది. అంటే మనం అడగకుండానే కార్ట్‌లో దూరాయి. షాపులో సరుకులు కట్టించుకుంటుంటే కొట్టువాడు మన సంచిలో అడగని డబ్బా ఒకటి వేసి, బిల్లులో రాసి, "వద్దంటే తీసేద్దును కదా" అన్నట్టు ఉంటుంది ఇది. మార్గదర్శకాల్లో దీన్ని బాస్కెట్ స్నీకింగ్ అన్నారు. దానధర్మాల పేరుతో చేర్చినా ఇదే లెక్క అని అందులో స్పష్టంగా ఉంది. పది రూపాయల విరాళం చాలామందికి భారం కాదు. అయినా ఇవ్వాలో వద్దో చెప్పాల్సింది ఇచ్చేవాళ్ళే.

హ్యాండ్లింగ్ ఫీజుకు పెట్టె కూడా లేదు, తీసేసే దారి లేదు. తప్పనిసరి ఫీజు వసూలు చేయడం వేరు, దాన్ని చివరిదాకా దాచడం వేరు. మొదట తక్కువ ధర చూపించి, ఆఖరి మెట్టు మీద ఒక్కొక్కటి కలపడాన్ని డ్రిప్ ప్రైసింగ్ అంటారు. అదీ ఆ 13 రకాల్లో ఒకటే.

కొనేవాళ్ళు చేయాల్సింది పెద్దదేం కాదు. వస్తువు పేజీలో చూసిన ధర ఒకచోట రాసుకోండి. పేమెంట్ నొక్కే ముందు కింది మొత్తంతో పోల్చండి. తేడా ఉంటే, ఏ బాణం గుర్తు వెనుకో "వివరాలు" అన్న లింకు వెనుకో కారణం ఉంటుంది, అది దొరికేదాకా పే నొక్కకండి. కార్ట్ నుంచి పేమెంట్‌కు వెళ్ళేటప్పుడు తీసేసిన టిక్కులు కొన్ని పేజీల్లో తిరిగి వస్తుంటాయి, వాటినీ ఒకసారి చూసుకోండి.

అదే పేజీని నిజాయితీగా ఎలా తిరగరాయాలి?

తప్పనిసరి ఫీజును ధరలోనే కలిపేయాలి. రూ. 3,499కి రూ. 39 కలిపితే రూ. 3,538. పేజీ మీద పెద్ద అక్షరాల్లో అదే ఉండాలి, కింద చిన్నగా "హ్యాండ్లింగ్ ఫీజు రూ. 39 కలిపి. డెలివరీ ఉచితం." పక్క షాపు 3,499 చూపిస్తుంటే మనం 3,538 ఎలా చూపిస్తామన్న భయం ఉంటుంది. ఆ ముప్పై తొమ్మిది రూపాయలే అడ్డయితే ఫీజు మానేయండి, లేదా వస్తువు ధరలోనే సర్దండి. దాచడం మాత్రం మూడో దారి కాదు.

ప్యాకింగ్ సంగతి ఇంకా సులువు. గాజు జార్ పగలకుండా పంపడం అమ్మేవాళ్ళ బాధ్యత, దానికి విడిగా డబ్బులు అడగడంలో న్యాయం లేదు. ఆ లైన్ తీసేయండి. గిఫ్ట్ ప్యాకింగ్ అయితే అది నిజంగా వేరే సేవ, టిక్ లేకుండా పెట్టొచ్చు.

వారంటీ దగ్గర కాస్త ఎక్కువ రాయాలి. "రూ. 299కే పూర్తి రక్షణ" అన్న మాటలో ఏమీ లేదు. కొనేవాళ్ళు తెలుసుకోవాల్సింది మూడు: కంపెనీ వారంటీ ఇప్పటికే ఎంత ఉంది, ఇది ఎప్పుడు మొదలవుతుంది, దేనికి వర్తించదు. మన ఊహా మిక్సీకి అది ఇలా ఉండొచ్చు:

"కంపెనీ వారంటీ 2 ఏళ్ళు ధరలోనే ఉంది. కావాలనుకుంటే రూ. 299కి మూడో ఏడాది మోటార్ వారంటీ తీసుకోవచ్చు. జార్లు, బ్లేడ్లు ఇందులోకి రావు. డెలివరీ తర్వాత 30 రోజుల వరకు కూడా ఇదే ధరకు తీసుకోవచ్చు."

ఆ చివరి వాక్యం మీ వారంటీ ఇచ్చే కంపెనీ ఒప్పుకుంటేనే రాయాలి. ఒప్పుకుంటే మాత్రం తప్పకుండా రాయండి. ఇప్పుడే తేల్చుకోవాలన్న ఒత్తిడి పోయి, అవసరమైనవాళ్ళే తీసుకుంటారు. కోడ్‌లో చేయాల్సిన మార్పు ఒక్క మాటే. ఇది తప్పు:

```html
<input type="checkbox" name="warranty" checked>
```

ఇది సరైనది:

```html
<input type="checkbox" name="warranty">
```

సర్వర్‌లో కూడా టిక్ రాకపోతే "వద్దు" అనే లెక్కించాలి. పెట్టె ఖాళీగా ఉన్నా వెనుక డిఫాల్ట్‌గా "అవును" అని పడే షాపులు ఉంటాయి. అమ్మకం మొదలుపెట్టే ముందు ఏ టిక్కూ పెట్టకుండా మీరే ఒక టెస్ట్ ఆర్డర్ వేసి బిల్లు చూసుకోండి.

విరాళానికి: "పిల్లల చదువుకు రూ. 10 ఇవ్వాలనుకుంటున్నారా?" అని అడిగి, డబ్బు ఏ సంస్థకు వెళ్తుందో పేరు రాసి, పెట్టె ఖాళీగా వదిలేయండి. పేరు చెప్పలేని విరాళం అసలు అడగకూడదు.

ముందే టిక్ పెట్టడం చట్టవిరుద్ధమా?

అవును. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం, కొనుగోలుకు సమ్మతి కొనేవాళ్ళు స్వయంగా, స్పష్టంగా ఇవ్వాలి. దాన్ని దానంతట అదే నమోదు చేయకూడదు, ముందే టిక్ పెట్టిన పెట్టెల రూపంలో కూడా. తర్వాత 2023 మార్గదర్శకాలు అబద్ధపు తొందర, కార్ట్‌లో దూర్చడం వంటివాటిని విడివిడిగా వివరించాయి. ఇవి పెద్ద ప్లాట్‌ఫామ్‌లకే కాదు, వాటిమీద అమ్మేవాళ్ళకూ ప్రకటనలు ఇచ్చేవాళ్ళకూ వర్తిస్తాయి. 2025 జూన్‌లో ఈ-కామర్స్ సంస్థలన్నీ మూడు నెలల్లో తమ పేజీలను తామే ఆడిట్ చేసుకోవాలని కేంద్ర సంస్థ సూచించింది.

ఐరోపాలో అదనపు చెల్లింపులకు ముందే టిక్ పెట్టడాన్ని 2011 నాటి వినియోగదారుల హక్కుల ఆదేశమే అడ్డుకుంది. అలా వసూలు చేసిన సొమ్మును తిరిగి ఇవ్వాలి కూడా. బ్రిటన్‌లో టైమర్, టిక్ రెండూ ఒకే కేసులో దొరికాయి. వౌచర్ అనే డీల్స్ సైటు మీద అక్కడి పోటీ, మార్కెట్ల సంస్థ విచారణ జరిపింది. కౌంట్‌డౌన్ టైమర్లతో పాటు, ముందే టిక్ పెట్టి వీఐపీ సభ్యత్వంలో చేర్చడం మీద ప్రశ్నలు వేసింది. 2024లో ఆ కంపెనీ పద్ధతులు మార్చుకోవడానికి, 8.7 లక్షల మందికి పైగా కస్టమర్లకు 40 లక్షల పౌండ్లకు మించి క్రెడిట్ రూపంలో తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది. ఒక చిన్న పెట్టెలో పెట్టిన టిక్ ఎంత సొమ్ము లాగగలదో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

"వద్దు, నాకు డబ్బు ఆదా చేసుకోవడం ఇష్టం లేదు" లాంటి బటన్ల సంగతేంటి?

అది కాదన్నవాళ్ళను సిగ్గుపరిచే పద్ధతి, కన్ఫర్మ్ షేమింగ్ అంటారు. నిషేధిత జాబితాలో ఉంది. తెలుగు పేజీల్లో ఇది ఇంకో రూపంలో వస్తుంది, కుటుంబాన్ని మధ్యలోకి లాగుతారు: "వద్దు, అమ్మకు ఈసారి పండగ కానుక అక్కర్లేదు." అమ్మ పేరు చెప్పి అమ్ముకోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. కాదనేవాళ్ళకు ఆ నెల జీతం రాకపోయి ఉండొచ్చు, అమ్మే లేకపోయి ఉండొచ్చు.

సరైన బటన్ "వద్దు." అంతే. లేదా "ఇప్పుడు వద్దు", కానీ అలా రాస్తే మళ్ళీ మళ్ళీ అడగకూడదు. రెండు బటన్లూ ఒకే సైజులో, చదవగలిగే రంగులో ఉండాలి. "కావాలి" నిండు నారింజ రంగులోనూ, "వద్దు" తెలుపు మీద లేత బూడిద రంగులోనూ ఉంటే మాటలు మర్యాదగా ఉన్నా పని అదే.

కొట్టేసిన పాత ధరను నమ్మొచ్చా?

కొట్టేసిన అంకె చాలాసార్లు ఎంఆర్‌పీ, నిన్నటిదాకా అమ్మిన ధర కాదు. ఎంఆర్‌పీ 5,999 ఉన్న వస్తువు ఏడాది పొడవునా 3,600కే అమ్ముడవుతుంటే, సేల్‌లో 3,499కి ఇస్తూ "42% తగ్గింపు" అనడం లెక్క ప్రకారం సరే, నిజంగా తగ్గింది మాత్రం 101 రూపాయలు. ఐరోపాలో తగ్గింపు ప్రకటిస్తే అంతకు ముందు 30 రోజుల్లోని అతి తక్కువ ధర కూడా చూపించాలి. మన దగ్గర అలాంటి నియమం లేకున్నా, మీ షాపులో పాటించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు: "ఎంఆర్‌పీ రూ. 5,999. గత నెల మా ధర రూ. 3,600. ఇప్పుడు రూ. 3,499." కొనేవాళ్ళు మాత్రం కావాల్సిన వస్తువుల ధరలు సేల్‌కు రెండు మూడు వారాల ముందే స్క్రీన్‌షాట్ తీసుకుంటే చాలు.

ఇలా రాస్తే మా అమ్మకాలు పడిపోవా?

కొన్ని తగ్గుతాయి. భయపడి కొనేవాళ్ళు ఆ క్షణంలో కొనరు. టిక్ చూసుకోని వాళ్ళ నుంచి వచ్చే రూ. 299లు రావు. దీన్ని దాచి, "నిజాయితీగా ఉంటే అమ్మకాలు పెరుగుతాయి" అని చెప్పడం కూడా ఒక అబద్ధమే.

కానీ లెక్క వేసేటప్పుడు రెండోవైపు కూడా చూడాలి. కంగారులో చేసిన ఆర్డర్లలో, ముఖ్యంగా క్యాష్ ఆన్ డెలివరీలో, తలుపు దగ్గర వద్దనేవి ఉంటాయి. వెళ్ళే కొరియర్ ఖర్చు, తిరిగొచ్చే ఖర్చు రెండూ మీవే. అడగని వారంటీ చూసి ఫోన్ చేసేవాళ్ళకు సమాధానం చెప్పడానికి మనిషి కావాలి, రీఫండ్‌కు పేమెంట్ గేట్‌వే ఫీజు పోవచ్చు. సేల్ అయిపోయాక మొత్తం ఆర్డర్ల సంఖ్య చూడకండి. రిటర్న్‌లు, రీఫండ్‌లు, తిరిగొచ్చిన ప్యాకెట్ల ఖర్చు తీసేశాక మిగిలినదాన్ని, అదే కస్టమర్లు సంక్రాంతికి మళ్ళీ వచ్చారా అన్నదాన్ని చూడండి.

రెడీమేడ్ థీమ్‌లోనే ఈ టైమర్ వచ్చింది. అది మా తప్పు అవుతుందా?

పేజీ మీ షాపుది, బాధ్యతా మీదే. షాపుల కోసం అమ్మే చాలా టైమర్ యాప్‌లలో "ఎవర్‌గ్రీన్" అనే సెట్టింగ్ ఉంటుంది. వచ్చిన ప్రతి ఒక్కరికీ కొత్తగా మొదలయ్యే టైమర్ అని దాని అర్థం. దాన్ని మార్చి స్థిరమైన తేదీ పెట్టండి. స్టాక్ కౌంటర్లలో "కనిష్ఠం, గరిష్ఠం" అని రెండు అంకెలు అడిగితే అది మీ స్టాక్ చూడటం లేదని అర్థం, ఆపేయండి.

మోసపోయాం. ఎక్కడ చెప్పాలి?

ముందు ఆధారం: టైమర్ మళ్ళీ మొదలైనట్టు కనిపించే రెండు స్క్రీన్‌షాట్లు, ఫోన్‌లో సమయం కనిపించేలా. స్క్రీన్ రికార్డింగ్ అయితే ఇంకా మంచిది. టిక్ విషయమైతే వస్తువు పేజీ ధర, కార్ట్, ఆఖరి బిల్లు మూడూ. తర్వాత ఆ సైటు గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి.

పని జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. consumerhelpline.gov.in లో కూడా నమోదు చేయొచ్చు. ఫిర్యాదులో "మోసం చేశారు" అని ఊరుకోకుండా జరిగింది వరుసగా రాయండి: "ఫలానా తేదీ సాయంత్రం 7:10కి ధర రూ. 3,499 చూపించారు. పేమెంట్‌లో రూ. 3,896 వచ్చింది. రూ. 299 వారంటీకి టిక్ ముందే ఉంది, నేను పెట్టలేదు. ఆ సొమ్ము వాపసు కావాలి." కట్టిన మొత్తం, ఎందుకు తేడా వచ్చింది, ఏం కావాలి అన్న మూడూ స్పష్టంగా ఉన్న ఫిర్యాదును పక్కన పెట్టడం కష్టం.

సేల్ నిజంగానే పొడిగించాల్సి వస్తే ఏం రాయాలి?

స్టాక్ మిగలొచ్చు, వర్షాలకు కొరియర్ ఆగిపోవచ్చు. పొడిగించడం తప్పు కాదు, కానీ మొదటి గడువును నమ్మి హడావిడిగా కొన్నవాళ్ళున్నారు. కారణం చెప్పండి, కొత్త తేదీ చెప్పండి, దాన్ని మళ్ళీ జరపకండి: "స్టాక్ మిగిలినందువల్ల ఇదే ధర నవంబర్ 10, మంగళవారం రాత్రి 11:59 వరకు కొనసాగుతుంది. ఇకపై పొడిగించం." ధర ఇంకా తగ్గించి పొడిగిస్తుంటే మాత్రం, మొదటి గడువులోపు కొన్నవాళ్ళకు ఆ తేడాను మీరే తిరిగి పంపండి, వాళ్ళు అడిగేదాకా ఆగకుండా.